ఫీచర్ ట్రీనా, డైరెక్ట్ మోడలింగా: రెండూ ఏళ్ల తరబడి వాడాక

క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో డిజైన్ గీసేటప్పుడు, గీసిన ప్రతి అడుగునూ వరుసగా గుర్తుంచుకునే పద్ధతి ఫీచర్ ట్రీ, ఉన్న ఆకారాన్నే నేరుగా లాగి మార్చే పద్ధతి డైరెక్ట్ మోడలింగ్. ఒక పార్ట్‌ను మొదటిసారి గీస్తున్నప్పుడు ఏ పద్ధతి వాడినా పెద్ద తేడా తెలియదు. "దీన్ని ఇంకో ఆరు మిల్లీమీటర్లు పెంచాలి" అన్న మెయిల్ వచ్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఈ సమీక్ష మార్పుల గురించే.

సర్క్యూట్ బోర్డు పెట్టే ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకుందాం. బయటి కొలతలు 120 × 80 × 40 మి.మీ., గోడ మందం 3 మి.మీ., లోపల నాలుగు మూలల దగ్గర స్క్రూ బాస్‌లు, అంటే స్క్రూలు బిగించే చిన్న స్తంభాలు. ఫీచర్ ట్రీ పద్ధతిలో ముందు స్కెచ్‌లో దీర్ఘచతురస్రం గీసి 120, 80 అని కొలతలిస్తాం. దాన్ని 40 ఎత్తుకు ఎక్స్‌ట్రూడ్ చేసి, షెల్ కమాండ్‌తో లోపల ఖాళీ చేస్తాం. లోపలి గోడల నుంచి ఎంత దూరమో చెప్పి బాస్‌లు పెడతాం. చివర్లో అంచులను గుండ్రం చేసే ఫిల్లెట్లు. ఇప్పుడు బోర్డు 6 మి.మీ. పెరిగిందంటే స్కెచ్ తెరిచి 120ని 126 చేయడమే. షెల్ మళ్లీ లెక్కవుతుంది, గోడ 3 గానే ఉంటుంది, బాస్‌లు గోడతో పాటు జరుగుతాయి.

డైరెక్ట్ మోడలింగ్‌కు ఈ చరిత్రేమీ తెలియదు. దానికి కనిపించేది ఇప్పుడున్న ఫేస్‌లు, అంటే ఉపరితలాలు మాత్రమే. చివరి గోడ బయటి ఫేస్‌ను పట్టుకుని 6 లాగితే పొడవు 126 అవుతుంది, కానీ ఆ గోడ మందం 9 అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా ఇవ్వదు, ఎందుకంటే దాని దృష్టిలో తప్పేమీ లేదు. లోపలి ఫేస్, ఆ వైపు రెండు బాస్‌లు, వాటి రంధ్రాలు అన్నీ కలిపి ఎంచుకుని లాగాలి. బయటి నుంచి చూస్తే ఏం వదిలేశామో తెలియదు కాబట్టి, ఇలాంటి ఎడిట్ తర్వాత డబ్బాను కోసినట్టు లోపల చూపే సెక్షన్ వ్యూ తెరిచి గోడ మందం కొలవందే నేను ఫైల్ సేవ్ చేయను.

అలాగని ట్రీ అంటే టెన్షన్ లేదని కాదు. స్కెచ్‌లో కొలత మార్చడం వేరు, గీతను తీసేసి కొత్తది గీయడం వేరు. చూడ్డానికి అదే చోట, అదే పొడవున ఉన్నా, సాఫ్ట్‌వేర్‌కు అది కొత్త గీత. పాత గీత నుంచి పుట్టిన అంచు మీద ఫిల్లెట్ వేసి ఉంటే అది ఫెయిలై, ట్రీలో ఎర్ర గుర్తు పడుతుంది. ఎర్ర గుర్తు పడితే ఒకరకంగా అదృష్టమే. ఒక్కోసారి ఏ ఎర్రరూ లేకుండా ఫీచర్ పక్క అంచుకు అతుక్కుంటుంది, దాన్ని కళ్లతోనే పట్టుకోవాలి. అందుకే స్కెచ్‌లను వీలైనంతవరకు ఎప్పుడూ మారని ఒరిజిన్ ప్లేన్ల మీద కడతాను, ఫిల్లెట్లు ట్రీ చివర్లో ఉంచుతాను.

ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఆకారాన్ని పంపే స్టెప్ ఫైల్ బయటి నుంచి వస్తే మాత్రం చర్చే లేదు, డైరెక్ట్ మోడలింగే. అందులో స్కెచ్‌లూ ఫీచర్లూ రావు, ఒకే ఘన ఆకారం వస్తుంది. మోటార్ బ్రాకెట్‌లో 22 మి.మీ. వ్యాసమున్న రంధ్రాన్ని 25 చేయాలంటే, ఆ సిలిండర్ ఫేస్‌ను ఎంచుకుని వ్యాసార్థం 1.5 మి.మీ. పెంచితే నిమిషంలో పని అవుతుంది. దీనికోసం మొత్తం మళ్లీ గీయడం వృథా. ఫేస్ జరగనని మొరాయిస్తే చాలాసార్లు కారణం పక్కనున్న ఫిల్లెట్. దాన్ని డిలీట్ చేసి, ఫేస్ జరిపి, మళ్లీ అదే రేడియస్‌తో వేస్తే సరిపోతుంది.

నాకు నచ్చనిది ఈ రెంటినీ అజాగ్రత్తగా కలపడం. ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో ట్రీ చివరే Move Face లాంటి డైరెక్ట్ ఎడిట్‌ను ఒక ఫీచర్‌గా పెట్టొచ్చు. తొందరలో ఎవరో స్కెచ్ ముట్టుకోకుండా అక్కడ 6 మి.మీ. జరిపారనుకోండి. స్కెచ్‌లో 120 అని ఉంటుంది, కొలిస్తే 126 వస్తుంది. కొన్నాళ్లకు ఇంకొకరు 130 కావాలని స్కెచ్‌లో 130 కొడితే వచ్చేది 136. ట్రీలో ఒక్క ఎర్ర గుర్తూ ఉండదు. పాత ఫైల్ ఏది చేతికొచ్చినా, ముందు ట్రీని పాత అడుగులకు తీసుకెళ్లే రోల్‌బ్యాక్ బార్‌ను పైకి లాగి, ఒక్కో ఫీచర్ దించుతూ చూసేది ఇందుకే.

ఇంకా ఖాయం కాని మార్పుకైతే ఇదే Move Face భలే పనికొస్తుంది. చివర్లో పెట్టి నమూనా ప్రింట్ తీసి చూస్తాను. వద్దంటే సప్రెస్ చేసి దాని ప్రభావం ఆపేస్తాను, ఓకే అంటే ఆ 6ను స్కెచ్‌లోకి చేర్చి ఆ Move Face‌ను అదే రోజు తీసేస్తాను.