24 గంటల టైమర్ పెట్టే సెల్లర్ దగ్గర లాప్‌టాప్ కొనకండి, నాలా మోసపోవద్దు

మన గ్రూపులో అందరూ ‘జెన్యూన్’ అని ట్యాగ్ చేసే ఆ సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల అన్న గురించే. 24,000 ఫోన్‌పేలో కొట్టాను. బ్యాటరీ 40 నిమిషాలు కూడా రావట్లేదు.

శుక్రవారం రాత్రి 9కి వాట్సాప్‌లో ఆయనే రాశాడు: ‘బ్యాటరీ 2 గంటలు రాకపోతే 3 రోజుల్లో డబ్బు వాపస్’. దానికి ముందే చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ 24 గంటలకు పెట్టాడు. ఆ సంగతి చాట్‌లో చిన్న లైనుగా కనపడింది కూడా. చదివి వదిలేశాను, మహా తెలివైనవాణ్ని కదా!

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎంత కూల్‌గా అన్నాడో: “తమ్ముడూ, నేనట్లా ఎప్పుడన్నాను? మెసేజ్ ఉంటే చూపించు.” చాట్ తెరిస్తే మాట లేదు. వెంటనే ఆయన నుంచి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది, నేను శనివారం రాసిన ‘చూశాను అన్నా, కండిషన్ బాగుంది’. నా మాట ఆయన ఫోన్లో భద్రంగా ఉంది, ఆయన మాట మాత్రం మాయం. మామూలు మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీస్తే వాట్సాప్ అవతలివాళ్లకు చెప్పదు. టైమర్ చెరిపేది చాట్‌లోని మెసేజ్‌నే, ఫొటోగా తీసి గ్యాలరీలో పెట్టుకున్నదాన్ని కాదు.

అసలు కడుపుమంట ఇక్కడ. శనివారం సాయంత్రం 7కి ఆయన వాపస్ మెసేజ్‌నే స్వైప్ చేసి ‘ఓకే అన్నా’ అని రిప్లై ఇచ్చాను. అసలు మెసేజ్ రాత్రి 9కి పోయినా, నా రిప్లై పైన కోట్ చేసిన ఆ ముక్క, రిప్లై గడువు తీరేదాకా, అంటే ఆదివారం 7 దాకా ఉండే ఉంటుంది. ఫోన్లో గొడవపడుతున్నప్పుడు నేను ఆయన పంపిన మెసేజ్‌లే వెతికాను గానీ నా సొంత రిప్లై చూడలేదు. ఫ్రెండ్ చెప్పేసరికి రాత్రి 10.

బ్యాకప్‌లో ఉంటుందని యాప్ తీసేసి మళ్లీ వేశాను. శుక్రవారం అర్ధరాత్రి తీసిన బ్యాకప్‌లో ఆ మెసేజ్ చేరే ఉంటుంది, కానీ రీస్టోర్ చేసేటప్పుడు గడువు తీరినవాటిని వాట్సాప్ చెరిపేస్తుంది. రెండు గంటలు వృథా. టైమర్ ఆఫ్ చేసి చూశాను, అది కొత్త మెసేజ్‌లకే పనిచేస్తుంది.

మిగిలింది ఆయన పంపిన లాప్‌టాప్ ఫొటోలు, ఆటో డౌన్‌లోడ్ ఆన్‌లో ఉండి గ్యాలరీలోకి చేరాయి కాబట్టి. వాటిలో బ్యాటరీ మాట లేదు మరి.

చాట్‌లో టైమర్ లైను కనపడితే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. మెసేజ్ చెరిగిపోకుండా ఆపే ‘కీప్’ నొక్కి నిశ్చింతగా ఉండకండి, పంపినవాడు దాన్ని రద్దు చేయగలడు. నా స్క్రీన్‌షాట్ మాత్రం ఆయన దగ్గర ఇంకా ఉంది, కావాలంటే అడిగి చూడండి.