షేక్‌హ్యాండా, నమస్కారమా? ఇంటర్వ్యూలో తొలి నిమిషం

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ప్రాంతాల డిగ్రీ, పీజీ పిల్లలను ఇంటర్వ్యూలకు సిద్ధం చేయడం నా పని. ఇంటర్వ్యూల కాలం వచ్చిందంటే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. లోపలికి వెళ్లగానే షేక్‌హ్యాండ్ ఇవ్వాలా, నమస్కారం చేయాలా? హైదరాబాద్ కంపెనీ అయితే షేక్‌హ్యాండ్ ఇవ్వకపోతే పల్లెటూరి వాళ్లమనుకుంటారేమోనని కొందరి బెంగ. ముందుగా చేయి అందిస్తే పెద్దవాళ్ల దగ్గర చొరవ ఎక్కువైందంటారేమోనని మరికొందరి జంకు. రెండు భయాల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే దీన్ని ఒకసారి తీరిగ్గా చూద్దాం.

ముందు షేక్‌హ్యాండ్ వైపు బలం చెబుతాను. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో గ్రెగ్ స్టువర్ట్ బృందం 98 మంది విద్యార్థులకు నమూనా ఇంటర్వ్యూలు పెట్టి, 2008లో ఫలితాలు ప్రచురించింది. షేక్‌హ్యాండ్‌కు మార్కులు వేసినవారు వేరు, ఇంటర్వ్యూ చేసినవారు వేరు. అయినా చేయి బాగా కలిపినవారినే ఉద్యోగానికి తీసుకోవచ్చని ఇంటర్వ్యూ చేసినవారు ఎక్కువగా సిఫారసు చేశారు. ఇది తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు. అయితే అక్కడ గదిలోకి వచ్చినవారు, గదిలో ఉన్నవారు ఇద్దరూ షేక్‌హ్యాండ్ ఉంటుందనే అనుకుంటారు. మన దగ్గర ఆ ఏకాభిప్రాయం లేదు. ఒక కంపెనీలో హెచ్‌ఆర్ అధికారి లేచి వచ్చి చేయి కలుపుతారు. పక్క కంపెనీలో ప్లాంటు మేనేజర్ కుర్చీలోంచి కదలకుండా తల ఊపుతారు. తలుపు తీసేదాకా ఏది ఎదురవుతుందో తెలియదు.

అందుకే నా దృష్టిలో తేల్చే విషయం ఒక్కటే: అటువైపు నుంచి బదులు రాకపోతే ఏమవుతుంది?

నమస్కారానికి బదులు రాకపోయినా మీకు నష్టం లేదు. మీ మర్యాద మీరు పూర్తి చేశారు, చేతులు దించారు, కథ ముందుకు నడిచింది. ఎదుటివారు ఫైలు చూస్తూ గమనించకపోయినా ఇబ్బంది ఉండదు. చేయి అందించడం అలా కాదు, అది ఎదుటివారు పూర్తి చేస్తేనే పూర్తయ్యే పని. వారు చూడకపోతే, చేతిలో పెన్నో టీ కప్పో ఉంటే, బల్ల వెడల్పుగా ఉండి లేవాల్సి వస్తే, మీ చేయి గాలిలో నిలిచిపోతుంది. దాన్ని వెనక్కి తీసుకునే ఆ రెండు క్షణాలు మీ ముఖాన్ని మార్చేస్తాయి. తర్వాత వచ్చే మొదటి ప్రశ్నకు మీరు ఆ ముఖంతోనే జవాబు చెప్పాల్సి ఉంటుంది.

ఇంకొకటి. మన దగ్గర ఇంటర్వ్యూ గదిలో సాధారణంగా ముగ్గురు నలుగురు కూర్చుని ఉంటారు. ఒకరికి షేక్‌హ్యాండ్ ఇచ్చి మిగతావారిని వదిలేస్తే బాగుండదు. అందరికీ ఇవ్వాలంటే బల్ల చుట్టూ తిరగాలి. నమస్కారమైతే మధ్యలో ఉన్నవారిని చూస్తూ మొదలుపెట్టి, చేతులు దించేలోపు మిగతావారి వైపు చూపు తిప్పితే అందరికీ చేరుతుంది. బ్యాంకు ఆఫీసర్ల ఇంటర్వ్యూ బోర్డుల ముందైతే నేను షేక్‌హ్యాండ్ మాటే ఎత్తనివ్వను.

కాబట్టి నేను నేర్పేది ఇది. మొదలుపెట్టడం నమస్కారంతో. అటువైపు నుంచి చేయి వస్తే తడుముకోకుండా అందుకోవడం. అంటే షేక్‌హ్యాండ్‌ను మీరు మొదలుపెట్టరు, కానీ దానికి సిద్ధంగా ఉంటారు. ఈ సిద్ధంగా ఉండటం అనే భాగాన్నే చాలామంది మరిచిపోతారు. ఫైలు కుడి చేతిలో పట్టుకుని వస్తారు. నమస్కారం చేయబోతే ఫైలు అడ్డం, చేయి కలపబోతే దాన్ని ఎడమ చేతికి మార్చుకునే గందరగోళం. ఫైలును తలుపు బయటే ఎడమ చంకకింద, మోచేయి ఒంటికి ఆనించి పెట్టుకోండి. అప్పుడు రెండు చేతులూ ఛాతీ దగ్గర కలుస్తాయి, కుడి చేయి ఖాళీగానూ ఉంటుంది. చల్లటి నీళ్ల సీసా పట్టుకుని కూర్చుంటే అరచేయి తడిగా ఉంటుంది. పేరు పిలవకముందే సీసా సంచిలో పెట్టి, రుమాలుతో చేయి తుడుచుకోండి.

అటువైపు నుంచి చేయి వచ్చినప్పుడు వేళ్లు మాత్రమే అందించకండి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్యనున్న సందు ఎదుటివారి సందుకు తగిలేదాకా చేయి లోపలికి వెళ్లాలి. వారు ఎంత బిగువుగా పట్టుకుంటే మీరూ అంతే. రెండు మూడు ఊపులు, ఆ తర్వాత వదిలేయడం. మన పిల్లల్లో నేను తరచూ చూసేది వేరే ఉంది. గౌరవం కొద్దీ నడుము వంచి, ఎడమ చేతిని కూడా తెచ్చి పెద్దాయన చేతిని రెండు చేతులా పట్టుకుంటారు. బంధువుల ఇంట్లో అది ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ మాత్రం మీరు సహోద్యోగిగా చేరబోతున్నారు కనుక ఒక చేయి చాలు, వెన్ను నిటారుగా ఉండాలి.

అమ్మాయిలు దీని గురించి విడిగా అడుగుతుంటారు. నా ముందు వెళ్లిన అబ్బాయికి చేయి కలిపి, నాకు కలపలేదు, నేను నచ్చలేదా అని. మన ప్రాంతంలో చాలామంది మగ అధికారులు అమ్మాయిలకు ముందుగా చేయి అందించరు. ఆమె ఇబ్బంది పడుతుందేమోనని వారి సంకోచం. అది మీ మీద తీర్పు కాదు. మీకు చేయి కలపడం ఇష్టం లేని చోట అటువైపు నుంచి చేయి వస్తే చిరునవ్వుతో నమస్కారం చేయండి, కారణం చెప్పనక్కరలేదు. అబ్బాయిలు మహిళా అధికారి ముందు ఎట్టి పరిస్థితిలోనూ ముందుగా చేయి అందించకూడదు.

నవ్వు విషయంలోనూ అదే కొలత. తలుపు దగ్గరే నవ్వు తగిలించుకుని లోపలికి నడిస్తే, వారు తల ఎత్తేసరికి అది బిగుసుకుపోయి ఉంటుంది. పెదవులను కావాలని కదిలించగలం గానీ కంటి చుట్టూ ఉండే కండరాన్ని అంత సులువుగా కదిలించలేమని 19వ శతాబ్దంలోనే ఫ్రెంచి వైద్యుడు డుషెన్ గమనించాడు. చూపులు కలిసిన తర్వాత నవ్వండి. వారు కాగితాలు చూస్తుంటే ప్రశాంతంగా ఆగండి. వారు చూసినప్పుడు వచ్చే నవ్వు వారి కోసం వచ్చినట్టే ఉంటుంది. అంతకు మించి సాధన అవసరం లేదు.

ఇక పలకరింపు. మా పిల్లలు చేయి గురించి ఎంత ఆలోచిస్తారో దీని గురించి అంత ఆలోచించరు. నా మాటకు విలువిస్తే ఆలోచనంతా ఇటు మళ్లించండి. మర్రే బారిక్, ఆయన సహ పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, అసలు ప్రశ్నలకు ముందు మాట కలిపే ఆ కొద్ది నిమిషాల్లో ఏర్పడిన అభిప్రాయానికీ ఇంటర్వ్యూ చివర్లో వేసిన మార్కులకూ సంబంధం కనిపించింది. "ప్రయాణం ఎలా జరిగింది?", "మీది ఏ ఊరు?" అన్న ప్రశ్నలకు మార్కుల పట్టికలో గడి ఉండదు. అయినా వాటి జవాబు మీద వారి తర్వాతి మాట ఆధారపడుతుంది.

ఇక్కడ రెండు రకాల జవాబులు వింటాను. "బాగానే జరిగింది సార్" అన్న ముక్తసరి మాట ఒకటి. నార్కట్‌పల్లిలో బస్సు దొరకకపోవడం మొదలుకొని ఎల్‌బీ నగర్ ట్రాఫిక్ దాకా సాగే కథ ఇంకొకటి. మొదటిదాంట్లో తప్పు లేదు గానీ పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండోదాన్ని ఎక్కడ ఆపాలో అడిగినవారికి తెలియదు. నేను కోరేది రెండు వాక్యాలు. మొదటిది ప్రశ్నకు పూర్తి జవాబు కావాలి, వారు అక్కడితో వదిలేసినా లోటు ఉండకూడదు. రెండోది, వారు పట్టుకోవాలనుకుంటే పట్టుకోగల ఒక నిజమైన వివరం.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయిని జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల పరిశ్రమ ఇంటర్వ్యూకి పంపాను, క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి. లోపల ముగ్గురు. నమస్కారం చేసింది, ఎవరూ చేయి అందించలేదు, కూర్చోమన్నారు. మధ్యనున్న ఆయన దరఖాస్తు చూసి, "నల్లగొండ జిల్లానా? మీ దగ్గర నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కదా?" అన్నారు. నల్లగొండ వారందరికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది, పాలమూరు వారికి వలసల ప్రశ్న ఎదురైనట్టు. ఇలాంటి చోట కొందరు నొచ్చుకుంటారు. కొందరు ఊరి కష్టాలు, ప్రభుత్వాల లెక్కలు ఏకరువు పెడతారు. ఆ అమ్మాయి ఇలా అంది: "అవును సార్, మా ఊళ్లో బోరు నీళ్లు మానేసి ఇప్పుడు నల్లా నీళ్లే తాగుతున్నాం. నా పీజీ ప్రాజెక్టులో ఆ బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ కొలిచాను."

ఆయన పెన్ను కింద పెట్టి, ఏ పద్ధతిలో అని అడిగారు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో అని చెప్పింది. కొలిచే ముందు నమూనాలో బఫర్ ఎందుకు కలపాలన్నది తర్వాతి ప్రశ్న. ద్రావణంలో అయాన్ల బలం, పీహెచ్ అన్ని నమూనాల్లోనూ ఒకేలా ఉండాలని, అల్యూమినియం, ఇనుము పట్టుకున్న ఫ్లోరైడ్ విడిపోవాలని చెప్పింది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములతో తన ఫలితాలను పోల్చి చూపింది. మీ గురించి చెప్పండి అన్న ప్రశ్న రాకముందే, ఆమెకు బాగా పట్టున్న చోట సాంకేతిక ఇంటర్వ్యూ మొదలైపోయింది. ఆమె మొదటి వాక్యం తర్వాత ఆయన వేరే ప్రశ్నకు వెళ్లినా ఆమెకు పోయేదేమీ లేదు.

ఈ రెండో వాక్యాన్ని ముందుగానే తయారు చేసుకోవచ్చు, అయితే అది నిజమై ఉండాలి. మీ ఊరు, మీరు వచ్చిన దారి, మీ కాలేజీ, ఈ మూడింటిలో ఒక్కోదానికి మీ చదువుకో, ఆ ఉద్యోగానికో తగిలే వివరం ఒకటి వెతికి పెట్టుకోండి. తగిలేది లేకపోతే సాగదీయకండి. "ఆరింటి బస్సుకు బయలుదేరాను సార్, అరగంట ముందే చేరాను" అన్నా చాలు. తెలుగులో పలకరిస్తే తెలుగులో, ఇంగ్లిష్‌లో పలకరిస్తే ఇంగ్లిష్‌లో జవాబు ఇవ్వండి.

మిగతావి క్లుప్తంగా. గుడ్ మార్నింగ్ ఒక్కటే చెప్పి ఊరుకున్నా తప్పు కాదు, మధ్యాహ్నం పన్నెండు దాటితే గుడ్ ఆఫ్టర్‌నూన్ అనాలని గుర్తుంటే చాలు. కాళ్లకు నమస్కారం వద్దు. వీడియో ఇంటర్వ్యూలో షేక్‌హ్యాండ్ ప్రశ్నే లేదు. నమస్కారం చేసేటప్పుడు చేతులు తెరలో కనిపించేంత దూరంలో కూర్చోండి, కళ్లు కెమెరా మీద పెట్టండి.