మట్టి గాజుల ట్రే: వరుస పెట్టి గీయాలా, వరుసతో పని లేకుండా గీయాలా?

హన్మకొండలోని ఒక గాజుల దుకాణానికి ఫోన్‌లో తిప్పి చూసుకునే త్రీడీ కేటలాగ్ కావాలి. అద్దాల షోకేసు, అందులో తెల్లటి ట్రే, ట్రేలో 2.4, 2.6 సైజుల మట్టి గాజులు కుప్పగా పోసి ఉంటాయి. ఇదంతా వెబ్‌జీఎల్ 2తో, three.jsలో, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ బ్రౌజర్‌లో నడవాలి. లక్క గాజులతో చిక్కు లేదు, అవి అవతలి వస్తువును కనిపించనీయవు. చిక్కంతా వెలుగు దూరిపోయే మట్టి గాజులతోనే. దుకాణం ఆయన మొదటి నమూనా చూసి అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: "ఎర్రది మీదున్నది గదా, తిప్పంగనే పచ్చది మీదికెట్ల వచ్చింది?"

పాత పద్ధతి ఆల్ఫా బ్లెండింగ్, అంటే వస్తువు వెనకదాన్ని ఎంత కప్పుతుందో చెప్పే ఆల్ఫా అనే అంకెను బట్టి రంగులు కలపడం. ముందు అపారదర్శక వస్తువులన్నీ గీసి, తర్వాత పారదర్శకమైనవాటిని దూరం నుంచి దగ్గరికి వరుస పెట్టి ఒకదాని మీద ఒకటి కలుపుతాం. ఇక్కడ వరుస ఎందుకంత ముఖ్యమో ఒక్క పిక్సెల్‌లో చూడొచ్చు. వెనక తెలుపు (1, 1, 1), మధ్యలో సగం పారదర్శకమైన పచ్చ, ముందు సగం పారదర్శకమైన ఎరుపు ఉన్నాయనుకుందాం. పచ్చ కలిపాక (0.5, 1, 0.5), దాని మీద ఎరుపు కలిపాక (0.75, 0.5, 0.25) వస్తుంది. అంటే ఎరుపు వైపు మొగ్గిన రంగు. వరుస తారుమారైతే (0.5, 0.75, 0.25) వస్తుంది, పచ్చ వైపు మొగ్గుతుంది. దుకాణం ఆయన కంటికి తగిలింది ఈ తేడానే.

three.js వరుస పెట్టకుండా వదిలేయదు. కానీ అది వస్తువును మొత్తంగా ఒక్క బిందువుగా లెక్కగట్టి, ఆ బిందువు దూరాన్ని బట్టి వరుస పెడుతుంది. కడ్డీకి వరుసగా తొడిగిన గాజులకు ఇది చాలావరకు సరిపోతుంది. కుప్పకు సరిపోదు. ట్రేలో మూడు గాజులు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటే మొదటిది రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద, మూడోది మళ్లీ మొదటిదాని మీద ఉండొచ్చు. అప్పుడు ఏ వరుసలో గీసినా ఎక్కడో ఒక చోట తప్పుతుంది. పైగా కెమెరా తిరుగుతున్నప్పుడు రెండు కేంద్రాల దూరాలు సమానమై దాటిన క్షణంలో రంగు టక్కున మారుతుంది. సార్టింగ్ తప్పిందని గుర్తుపట్టేది ఆ గెంతుతోనే. ఇంకో సంగతి, డ్రా కాల్స్, అంటే గీయమని జీపీయూకు ఇచ్చే ఆదేశాలు, తగ్గించడానికి గాజులన్నింటినీ ఒకే ఆదేశంతో గీసే `InstancedMesh`లో పెడితే వాటి మధ్య సార్టింగ్ జరగదు, బఫర్‌లో ఉన్న వరుసలోనే గీస్తుంది. ప్రతి గాజునూ ఎనిమిది వంపు ముక్కలుగా కోసి ముక్కల వారీగా సార్ట్ చేస్తే తప్పులు బాగా తగ్గుతాయి. అయితే గాజుకు ఎనిమిది డ్రా కాల్స్ అవుతాయి, పెద్ద కుప్పకు ఫోన్ ఓర్చుకోదు.

రెండో దారి వరుసతో పని లేని పారదర్శకత. ఇందులో చాలా రకాలున్నాయి. పిక్సెల్‌కు ఒక జాబితా కట్టే పద్ధతికి అటామిక్స్ కావాలి, అంటే ఒకే చోట చాలామంది ఒకేసారి రాసినా లెక్క చెడకుండా చూసే ఆదేశాలు. అవి వెబ్‌జీఎల్ 2లో లేవు, వాటికి వెబ్‌జీపీయూ కావాలి. కాబట్టి ఇక్కడ పోటీకి నిలిచేది మెక్‌గ్వైర్, బవోయిల్ 2013లో ప్రచురించిన వెయిటెడ్ బ్లెండెడ్ పద్ధతి. అది రెండు లెక్కలు విడిగా పెడుతుంది. వెనకున్న తెలుపు ఎంత మిగిలిందనేది ఒకటి: 0.5 × 0.5 = 0.25. ఇది గుణకారం కాబట్టి ఏ వరుసలో చేసినా కచ్చితమే. మిగతా 0.75లో ఎరుపు ఎంత, పచ్చ ఎంత అనేది రెండోది. దీన్ని దూరాన్ని బట్టి బరువులిచ్చి సగటు తీస్తుంది, అంటే ఇది ఉజ్జాయింపు.

మన పిక్సెల్‌లో సరైన రంగు రావాలంటే ముందున్న ఎరుపు బరువు వెనకున్న పచ్చకు రెండింతలు ఉండాలి. ఆ వ్యాసంలో ఇచ్చిన సూత్రాల్లో ఒకటి చూద్దాం, z మీటర్లలో:

```
w = alpha * clamp(10 / (1e-5 + pow(z/5, 2) + pow(z/200, 6)), 1e-2, 3e3)
```

కెమెరాకు 40 సెంటీమీటర్ల దూరంలో ఎరుపు, 41 దగ్గర పచ్చ ఉంటే, ఆల్ఫా రెండింటికీ ఒకటే కాబట్టి, బరువుల నిష్పత్తి సుమారు 1.05 వస్తుంది. కావలసింది 2. ఫలితం దాదాపు (0.63, 0.62, 0.25). గెంతులు లేవు, తిప్పినా నిలకడగా ఉంటుంది, కానీ ఏది మీదుందో కంటికి తెలియని బురద పసుపు. బరువును మనమే ట్రే లోతుకు సరిపోయేలా రాసుకోవచ్చు, సెంటీమీటరుకు రెండింతలయ్యేలా. ఎనిమిది సెంటీమీటర్ల లోతుకు అది 256 రెట్లు, 16 బిట్ బఫర్ మోస్తుంది. అదే పాతిక సెంటీమీటర్ల షోకేసుకు చేయబోతే 2ను 25 సార్లు గుణించాలి. ఆ బఫర్ పట్టే గరిష్ఠ విలువ 65504 కాబట్టి పొంగిపోయి, రంగులకు బదులు నల్ల మచ్చలు కనబడతాయి.

ఏది మేలు అని తేల్చే ముందు మట్టి గాజు వెలుతురును ఏం చేస్తుందో చూడాలి. ఆల్ఫా లెక్కకు సరిపోయేది పొగ, జల్లెడలాంటి పల్చటి గుడ్డ. అవి వెనకదాన్ని కొంత కప్పి, తమ రంగు పైన పూస్తాయి. రంగు గాజు పూయదు, వడకడుతుంది. ఎర్ర గాజు వెనకనుంచి వచ్చే వెలుగులో 0.9 వంతు ఎరుపును, 0.3 వంతు పచ్చను, 0.3 వంతు నీలాన్ని వదులుతుందనుకుందాం. పచ్చది 0.3, 0.9, 0.3 వదులుతుంది. రెండూ దాటి వచ్చేది (0.27, 0.27, 0.09). ఏది ముందున్నా అంతే, నిజమైన గాజులోనూ అంతే. కాబట్టి ఇక్కడ సార్టింగూ అక్కర్లేదు, బరువులూ అక్కర్లేదు:

```js
mat.transparent = true;
mat.depthWrite = false;
mat.side = THREE.FrontSide;
mat.blending = THREE.CustomBlending;
mat.blendSrc = THREE.ZeroFactor;
mat.blendDst = THREE.SrcColorFactor;
```

షేడర్ బయటికిచ్చే రంగే ఆ వడపోత. `FrontSide` మరిచిపోవద్దు. రెండు వైపులూ గీస్తే ఒకే గాజు రెండుసార్లు వడకట్టి ముదురైపోతుంది. ఇది `InstancedMesh`తోనూ పనిచేస్తుంది, కుప్ప మొత్తం ఒక్క డ్రా కాల్‌లో అయిపోతుంది.

మిగిలేది గాజు మీది మెరుపు. అది వడపోత కాదు, వెలుగును తెచ్చి కలిపేది. వడపోతలన్నీ అయ్యాక మెరుపులను రెండో పాస్‌లో కూడిక బ్లెండింగ్‌తో వేస్తున్నాను. ఇందులో ఒక తప్పు మిగిలిపోతుంది. ఎర్ర గాజు వెనకున్న గాజు మెరుపు ఎర్రగా కనబడాల్సింది తెల్లగానే కనబడుతుంది. ట్రే మొత్తం చూపే దూరంలో ఆ మెరుపులు సన్నటి గీతలు, ఎవరికీ పట్టింపు రాదు.

అందుకని నా తీర్పు ఒకే పద్ధతికి కాదు. షోకేసు అద్దాలకు మాత్రం పాత సార్టింగే మేలు. పలకలు నాలుగే, ఒకదాన్నొకటి కోసుకోవు, ప్రతి పలకనూ వేరే మెష్‌గా పెడితే వరుస చాలావరకు తప్పదు. కుప్పకు గుణకారం. వెయిటెడ్ పద్ధతిని ఈ ట్రేకు వాడను. అదే దుకాణం వాళ్లు రేపు నెట్ దుపట్టాలు కుప్పగా చూపించమంటే ముందు దాన్నే ప్రయత్నిస్తాను, ఎందుకంటే అక్కడ పూత నిజంగానే ఉంటుంది, పొరలూ లెక్కలేనన్ని.

ఇక కొనేవాళ్లు రెండు మూడు గాజులను దగ్గరికి లాక్కుని చూసే తెర ఉంది. అక్కడ తెల్ల మెరుపు తప్పు దొరికిపోతుంది. ఆ తెరకు డెప్త్ పీలింగ్ పెట్టాను. ప్రతి పాస్‌లో పిక్సెల్‌కు తర్వాతి దగ్గరి పొర ఒక్కటి ఊడి వస్తుంది కాబట్టి వరుస కచ్చితం. పాస్‌కొకసారి సీన్ మొత్తం గీయాలి, కానీ మూడు గాజులే కాబట్టి ఫోన్ భరిస్తుంది. ముందు వైపు తలాలు మాత్రమే తీసుకుంటే ఒక గాజు ఒక పిక్సెల్‌ను దగ్గరి వంపుతో ఒకసారి, దూరపు వంపుతో ఒకసారి దాటుతుంది. మూడు గాజులకు ఆరు పాస్‌లు పెడితే పొర ఏదీ మిగలదు.