ఇమాటినిబ్ 400: పదేళ్లు దాటాక నా మాట

ఈ మాత్రతో నాకున్న తగువు ఒక్కటే. కొన్ని మందులతో దీనికి అస్సలు పడదు, ఆ సంగతి రోగికి ఎవరూ ముందుగా చెప్పరు. మిగతా విషయాల్లో వంక పెట్టడానికి నాకు నోరు రాదు. సీఎంఎల్, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్, అని తేలిన నాటి నుంచి ఇదే మింగుతున్నాను, ఉద్యోగం చేసుకుంటున్నాను, పిల్లల పెళ్లిళ్ల గురించి అందరిలాగే గొణుగుతున్నాను.

ఇది దేనిమీద పనిచేస్తుందో తెలిస్తేనే తగువు అర్థమవుతుంది. మూలుగలోని ఒక కణంలో 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క తెగి ఒకదాని చోట ఒకటి అతుక్కుంటాయి. అలా పొట్టిబడిన 22నే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు, దాన్ని 1960లో ఆ ఊళ్లోనే గుర్తించారు. ఈ అతుకులో బీసీఆర్ జన్యువు పక్కకి ఏబీఎల్ జన్యువు చేరుతుంది. మామూలు ఏబీఎల్ ఎంజైము పనిపడినప్పుడు నడిచి ఆగుతుంది. ఈ జంట జన్యువు తయారుచేసే ఎంజైము మాత్రం స్టార్టర్ ఇరుక్కున్న బోరు మోటారులా ఆగకుండా నడుస్తుంది, తెల్లకణాలు పుట్టుకొస్తూనే ఉంటాయి. ఇది పుట్టుకతో వచ్చేది కాదు, పిల్లలకు సంక్రమించేదీ కాదు. మా ఇంట్లో ఈ మాట నమ్మించడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.

ఆ ఎంజైముకి శక్తినిచ్చే ఏటీపీ వచ్చి కూర్చునే గుంట ఒకటుంది. ఇమాటినిబ్ ఆ గుంటలో కూర్చుంటే ఏటీపీకి చోటుండదు, ఎంజైము ఆగుతుంది. అమెరికాలో 2001లో దీనికి అనుమతి వచ్చింది. అంతకు ముందు ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్లు, లేదా సరిపడే దాత దొరికితే మూలుగ మార్పిడి. ఐరిస్ అనే పెద్ద పరిశోధనలో ఈ మాత్రతో మొదలుపెట్టినవాళ్లలో పదేళ్ల తర్వాత సుమారు 83 శాతం మంది బతికే ఉన్నారు. వాళ్లంతా తొలి దశలో, క్రానిక్ ఫేజ్‌లో దొరికినవాళ్లు, నేనూ అంతే. జబ్బు ముదిరి బ్లాస్ట్ దశకి చేరినవాళ్లకి ఈ అంకె వర్తించదు.

ధర గురించి ఒక ముక్క. దీన్ని తయారుచేసిన నోవార్టిస్ కంపెనీ మందు నెలకి లక్ష రూపాయల పైమాటే అనేవారు. జెనరిక్ మందు అందులో పదో వంతు కంటే తక్కువకే దొరికేది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కి పేటెంట్ ఇవ్వనక్కర్లేదని తేల్చింది. ఆ కేసులో అభ్యంతరం చెప్పినవాళ్లలో మన హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో కూడా ఉంది. ఆ తీర్పు వేరేలా వచ్చి ఉంటే ఈ సమీక్ష నేను రాసేవాణ్ని కాదేమో.

ఇక అసలు సంగతి. ఈ మాత్ర పనిచేస్తోందో లేదో తెల్లకణాల లెక్క చెప్పదు, బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష చెబుతుంది. అందులో వచ్చే శాతాన్ని అంతర్జాతీయ కొలతకి మార్చి ఇస్తారు. ఆ కొలతలో 100 అంటే రక్తంలో నూటికి నూరు జబ్బు కణాలని కాదు, చికిత్స మొదలుపెట్టనివాళ్ల నుంచి తీసుకున్న ఒక ప్రామాణిక మట్టం. మూడు నెలలకి 10కి లోపు, ఆరు నెలలకి 1కి లోపు, ఏడాదికి 0.1కి లోపు రావాలి. 0.1 అంటే ఆ మట్టం నుంచి వెయ్యో వంతుకి పడిపోయినట్టు. నాది ఏడాది దాటకముందే అక్కడికి దిగి, తర్వాత చాలాకాలం 0.03 దగ్గర ఊగుతూ ఉంది.

అలా ఉండగా మెడ పక్కన గడ్డ లేచింది. ఇంట్లో టెన్షన్, పాత జబ్బే తిరగబెట్టిందని. సూది పరీక్ష చేస్తే టీబీ అని తేలింది. ఆ క్లినిక్‌లో నేను వాడుతున్న మాత్ర పేరు చెప్పాను, డాక్టరుగారు చీటీ మీద రాసుకున్నారు కూడా. టీబీ మందులు మొదలయ్యాయి. మూత్రం నారింజ రంగులోకి మారింది. అది ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్లేనని, కంగారుపడొద్దని చెప్పారు. ఆ ఒక్క జాగ్రత్తే చెప్పారు.

రెండో నెలకి ఒక మంచి మార్పు కనిపించింది. ఇమాటినిబ్ మొదలైనప్పటి నుంచి పొద్దున్నే నా కళ్ల చుట్టూ నీరు చేరి ఉబ్బి ఉండేది, రాత్రి పిక్కలు పట్టేసేవి. రెండూ పోయాయి. "మొహం తేటపడింది, టీబీ మందులు పడ్డాయి మీకు" అంది మా ఆవిడ. నాకూ సంతోషమే. రక్త పరీక్షలో కణాల లెక్క చక్కగా ఉంది. తర్వాత వచ్చిన పీసీఆర్ మాత్రం 0.4.

నా సీఎంఎల్ చూసే హెమటాలజిస్టు ముందు అడిగింది మాత్రలు మానేశావా అని. మానలేదు, ఖాళీ స్ట్రిప్పులు చూపించాను. మళ్లీ తీయిస్తే 0.7. అప్పుడాయన "ఈమధ్య కొత్తగా ఏం వాడుతున్నావు?" అన్నారు. టీబీ చీటీ తీసి చూపిస్తే రిఫాంపిసిన్ మీద వేలు పెట్టి ఆగిపోయారు.

జరిగింది ఇదీ. ఇమాటినిబ్‌ని కాలేయంలో సీవైపీ3ఏ4 అనే ఎంజైము విరగ్గొడుతుంది. రిఫాంపిసిన్ ఆ ఎంజైమును బాగా ఎక్కువ తయారుచేయిస్తుంది. దాంతో ఒంట్లో ఇమాటినిబ్ మోతాదు నాలుగో వంతుకి పడిపోతుంది. నేను 400 మింగుతున్నా నాకు దక్కింది సుమారు 100 తాలూకు పని. కళ్ల ఉబ్బు తగ్గింది టీబీ మందులు పడడం వల్ల కాదు, ఈ మాత్ర అందకపోవడం వల్ల.

టీబీ కోర్సు మధ్యలో ఆపకూడదు. రిఫాంపిసిన్ బదులు ఆ ఎంజైమును అంతగా పెంచని రిఫాబ్యుటిన్ వేద్దామా అని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకున్నారు, మాకు సకాలంలో దొరకలేదు. ఇలాంటప్పుడు ఇమాటినిబ్‌ని కనీసం సగం పెంచాలని మందు సూచనల్లోనే ఉందట. నాకు 600 చేసి, రక్త పరీక్షలు దగ్గర దగ్గరగా పెట్టారు. మార్పు పరీక్ష కూడా పంపారు, ఎంజైము ఆకారం మారి మాత్ర పట్టకుండా పోయిందేమో చూడడానికి. దాంట్లో అందరూ భయపడేది టీ315ఐ అనే మార్పు. అది వస్తే ఇమాటినిబ్, డాసటినిబ్, నైలోటినిబ్ మూడూ పనిచేయవు, పొనాటినిబ్ లాంటి వాటికి వెళ్లాలి. నాకు ఏ మార్పూ రాలేదు. ఆ రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

పీసీఆర్ 0.2కి దిగింది. టీబీ కోర్సు అయ్యాక మరో రెండు వారాలు 600 మీదే ఉంచారు, కాలేయం మామూలుకి రావడానికి అంత సమయం పడుతుందని. తర్వాత 400. ఇప్పుడు 0.04 దగ్గరుంది. కళ్ల ఉబ్బు, పిక్కల పట్టు రెండూ తిరిగొచ్చాయి. వాటిని చూస్తే ఇప్పుడు చిరాకు రాదు.

ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజపైన్ కూడా ఇలాగే మోతాదు దించుతాయి. క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కి ఇచ్చే కీటోకొనజోల్, గ్రేప్‌ఫ్రూట్ రసం మరోవైపు పెంచుతాయి. అందుకే "రోజుకొక మాత్ర, బీపీ మాత్రలాంటిదే" అని నేను కొత్తవాళ్లకి చెప్పిన మాటని ఇప్పుడు కొంచెం సవరించి చెబుతున్నాను. మాత్ర ఒకటే గానీ పక్కన ఏ మందు చేరినా ముందు హెమటాలజిస్టుకి ఫోన్ చేయాలి, పీసీఆర్ మానకూడదు.

మాత్ర ఆపేయొచ్చటగా అని అడుగుతుంటారు. చాలా ఏళ్లు 0.01 కంటే లోతున నిలకడగా ఉన్నవాళ్లకి డాక్టర్లు ఆపి చూస్తారు. వాళ్లలో సుమారు సగం మందికి మళ్లీ పెరుగుతుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. మళ్లీ మొదలుపెడితే చాలామందిలో దిగుతుంది. నాది ఆ లోతుకి ఎప్పుడూ చేరలేదు. మాత్ర ఆపితే నెలనెలా పీసీఆర్‌కి హైదరాబాద్ వెళ్లి రావడమూ నా జీతానికి భారం. ఉబ్బిన కళ్లతోనే సరిపెట్టుకుంటున్నాను. నాకంటే చిన్నవయసువాళ్లు, ముఖ్యంగా పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు, వేరేలా ఆలోచిస్తే తప్పులేదు. గర్భంతో ఉన్నప్పుడు ఇది వాడకూడదు కాబట్టి, ఆ లెక్క డాక్టరుతో ముందే వేసుకోవాలి.