పర్లాకిమిడి మాస్టారి తెలుగు అనువాదాలు: ఆ స్క్వేర్ బ్రాకెట్ల కోసమే పంపుతున్నాను

పాతపట్నం చుట్టుపక్కల వాళ్లకి ఒడిశాలోని పర్లాకిమిడి పక్క ఊరే. మా ఇంట్లో తాతయ్య ట్రంకుపెట్టె నిండా ఒడియాలో చేత్తో రాసిన చీటీలే. కొన్నేళ్లుగా వాటి ఫోటోలు వాట్సాప్‌లో అక్కడి ఒక రిటైర్డ్ మాస్టారికి పంపి తెలుగు చేయించుకుంటున్నాను. రేటు, ఎన్నాళ్లకిస్తారు లాంటివి ఆయన్నే అడగండి. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆయనకి తెలియని మాట తెలిసినట్టు రాయరు.

ఖాయంగా చదవగలిగిన మాట మామూలుగా రాస్తారు. అనుమానం ఉంటే స్క్వేర్ బ్రాకెట్లో పెట్టి ప్రశ్న గుర్తు వేస్తారు: [మామిడితోట?]. రెండు రకాలుగా చదవడానికి వీలుంటే రెండూ రాస్తారు. బొత్తిగా కనబడకపోతే [చదవలేకపోయాను, సుమారు మూడక్షరాలు] అంటారు. పైన ఒడియా వరుస ఎలా ఉందో అలాగే, కింద దాని తెలుగు. దానివల్ల ఏ మాట దగ్గర ఆగారో మనకీ కనిపిస్తుంది.

దీని విలువ మాకు తోట తాకట్టు చీటీ దగ్గర తెలిసింది. ఆ అప్పు నాన్నగారు తీర్చారని మేమూ, సగం తనూ కట్టానని చిన్నాన్నా ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. నాన్నగారు 400 రూపాయలు కట్టిన రసీదు తెలుగులోనే ఉంది. అసలు అప్పు ఎంతన్నది మాత్రం ఒడియా చీటీలో, సరిగ్గా మడత పడ్డచోట ఉంది. ముందు ఫోన్లోని యాప్‌తో ఫోటో తీస్తే 'ఎనిమిది వందల రూపాయలు' అని చక్కటి వాక్యం వచ్చేసింది. అనుమానం అన్నమాటే లేదు. చిన్నాన్న మాటే నిజమని ఇంట్లో అందరూ నమ్మేశారు.

మాస్టారి దగ్గర్నుంచి '[400? / 800?]' అని వచ్చింది. కింద కారణం రాశారు. ఒడియా నాలుగు అంకె చూడ్డానికి ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది, కాకపోతే పైన విడిపోయి ఉంటుంది. చీటీలో ఆ పైభాగమే మడతలో అరిగిపోయింది. రాసినాయన తేదీ ఇంగ్లీషు అంకెల్లో వేశాడు, సర్వే నంబరు ఒడియా అంకెల్లో వేశాడు. కాబట్టి సొమ్ము ఏ అంకెల్లో వేశాడో ఈ ఫోటో చూసి చెప్పలేను అన్నారు.

ఫోన్ చేసి రసీదు సంగతి చెప్పబోతే ఆపేశారు. "నువ్వు ఎంతనుకుంటున్నావో నాకు చెప్పకు బాబూ, చెప్తే నాకు అదే కనబడుద్ది. ఇంకో ఫోటో తీసి పంపు" అన్నారు. ఫ్లాష్ వేయొద్దన్నారు. కిటికీ పక్కన కాగితం పరిచి, వెలుతురు ఒక పక్కనుంచే పడేలా చూసి, ఫోన్ నిటారుగా పైన పట్టుకుని తియ్యమన్నారు. వెనకవైపు కూడా కావాలన్నారు, కలం ఒత్తిడి అక్కడ తేలుతుందని. మామూలు ఫోటోలా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమన్నారు.

ఆ ఫోటోలో అంకె తేలలేదు గాని, దాని పక్కన అక్షరాల్లో రాసిన మాట పైసగం తేలింది. ఒడియాలో నాలుగుని 'చారి' అంటారు, ఎనిమిదిని 'ఆఠ' అంటారు. 'చారి'లో 'రి' మీద గుడి కొక్కెంలా పైకి లేస్తుంది. 'ఆఠ'కి నెత్తిన ఏ గుర్తూ ఉండదు. ఫోటోలో రెండో అక్షరం మీద ఆ కొక్కెం ఉంది. అదే చేతి గుడులు పై వరుసల్లో ఎలా ఉన్నాయో పోల్చి చూసుకున్నాకే 400 పక్కన ప్రశ్న గుర్తు తీసేశారు. సాక్షి ఇంటిపేరు మాత్రం ఇప్పటికీ బ్రాకెట్లోనే ఉంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చిన్నాన్నకి చూపించాం. ఆయనా ఒప్పుకున్నారు.

అప్పట్లో ఊళ్లో అందరికీ ఆయన దగ్గరికే పంపమని చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాస్త చూసి చెప్తున్నాను. తర్వాత పంపిన ఒక కార్బన్ కాపీ ఉత్తరం సగానికి సగం బ్రాకెట్లతో తిరిగొచ్చింది. డబ్బులిచ్చి కూడా అందులో ఏముందో తెలియలేదు. చూసి వెంటనే 'ఇది నావల్ల కాదు' అని ఉంటే బాగుండేది. టెక్కలిలో మా వకీలుగారు బ్రాకెట్లు లేని సాఫు కాపీ అడిగితే ఆయన ఇవ్వలేదు. నాకది నచ్చింది గాని, పని మాత్రం ఆలస్యమైంది.

మాకు తొందర లేదు, అసలు కాగితాలు చేతిలో ఉన్నాయి, మళ్లీ ఫోటో తీసి పంపగలం. అందుకే మాకు సరిపోయింది. మీ దగ్గర ఎవరో పంపిన మసక ఫోటో ఒక్కటే ఉండి, ఈ వారంలోనే ఆఫీసులో ఇవ్వాల్సి ఉంటే ఆయనతో మీకు కుదరకపోవచ్చు. మా పెట్టెలో మిగిలిన చీటీలు మాత్రం ఆయనకే పంపుతాను.