చేతితో చేసిన ఫర్నిచర్: మార్కెట్‌ప్లేస్‌లోనా, సొంత వెబ్‌సైట్‌లోనా?

రెండు చోట్లా చాలాకాలం అమ్మాక మా అభిప్రాయం ఇది: కమిషన్ శాతం చూసి ఎంచుకోవద్దు. ముందు మీ వస్తువు ఎంత పెట్టెలో పడుతుందో చూడండి.

ఒక టీపాయ్ తీసుకుందాం. బరువు 22 కిలోలు. కాళ్ళు బిగించి ప్యాక్ చేస్తే పెట్టె 110×70×50 సెంటీమీటర్లు. చాలా కొరియర్లు ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తాయి, వచ్చిన లెక్క, అసలు బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే వసూలు చేస్తాయి, అంటే 77 కిలోలకు ఛార్జీ పడుతుంది. కాళ్ళు విప్పి పక్కన పడుకోబెడితే పెట్టె ఎత్తు 12 సెంటీమీటర్లకు దిగుతుంది, లెక్క 18.5 కిలోలే. అప్పుడు అసలు బరువుకే, 22 కిలోలకే కడతాం. ఇలా విప్పి పంపగలిగిన వస్తువే మార్కెట్‌ప్లేస్‌కు సరిపోతుంది. బిగించే పంపాల్సినదాన్ని అక్కడ పెడితే ఒక్క రిటర్న్ చాలు, దెబ్బ తగలడానికి.

ఎలాగంటే, ధర 100 అనుకోండి. కమిషన్ 15, కొరియర్ 20, చెక్కా కూలీ 40 పోతే మిగిలేది 25. ఆ వస్తువు వెనక్కి వస్తే కమిషన్ తిరిగి ఇచ్చినా రానుపోను కొరియర్ 40 మీదే. పది పంపి ఒకటి తిరిగొస్తే తొమ్మిదిటి లాభం 225 లోంచి 40 పోయినట్టు. అదీ మూల విరగకుండా వస్తేనే.

రిటర్న్‌లలో మాకు ఎక్కువగా కనిపించిన కారణం "ఫోటోలో ఉన్నట్టు లేదు" అనేది. చెక్కలో చారలు ఏ ముక్కకు ఆ ముక్కే వేరు. లిస్టింగ్‌లో ఒకే ఫోటోతో ఇరవై అమ్ముతాం కాబట్టి ఈ గొడవ తప్పదు. వెబ్‌సైట్‌లో అయితే పంపే ముందు ఆ ముక్క ఫోటోనే తీసి, కొనేవారు సరేనన్నాకే ప్యాక్ చేయొచ్చు. మా దృష్టిలో సొంత సైట్‌కున్న అసలు బలం ఇదే.

రెండోది గడువు. మార్కెట్‌ప్లేస్‌లో డిస్పాచ్ తేదీ దాటితే రేటింగ్ పడిపోతుంది. ఆ భయంతో పాలిష్ పూర్తిగా గట్టిపడకముందే బబుల్ ర్యాప్ చుడితే, చేత్తో తాకినప్పుడు ఆరినట్టే ఉన్నా, విప్పేసరికి పైన గుండ్రటి మచ్చలు పడి ఉంటాయి. తుడిస్తే పోవు, మళ్ళీ గీకి పాలిష్ వేయాలి. లిస్టింగ్ పెట్టేటప్పుడే డిస్పాచ్ గడువులో ఆరే రోజులు కూడా కలపండి.

సైట్‌లో కమిషన్ లేదు కానీ కొనేవారిని మీరే తెచ్చుకోవాలి. ఒక్కో క్లిక్‌కు 0.2 ఖర్చయి, వంద మందిలో ఒకరు కొంటే ప్రకటనకే 20 పోతుంది. అది ఆ 15 కమిషన్ కన్నా ఎక్కువ, పైగా అమ్ముడుపోకపోయినా కట్టాల్సిందే. అందుకే విప్పి పంపే చిన్న వస్తువులను మార్కెట్‌ప్లేస్‌లో ఉంచి, కొలతలిచ్చి చేయించుకునే పెద్ద బల్లలు, బీరువాలు మాత్రం అడ్వాన్స్ తీసుకుని సైట్‌లోనే అమ్ముతున్నాం.