మూడేళ్లుగా ఝట్కా మెషిన్ వాడుతున్నా: సిరొంచ వైపు నుంచి నా అనుభవం

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు. నాలుగెకరాల చేనులో వానకాలం పత్తి, యాసంగి మక్క వేస్తాం. అడవి పందుల బాధ పడలేక మూడేళ్ల కింద చేను చుట్టూ తీగల కంచె కట్టి, ఆ తీగలకు ఆగి ఆగి కరెంటు దెబ్బ పంపే ఝట్కా మెషిన్ పెట్టించిన. అది సోలార్ ప్లేటు, 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. ఏ కంపెనీదో చెప్పను. ఎందుకంటే మొదటి ఏడాది నేను మెషిన్‌నే తిట్టిన, తప్పు మాత్రం దానిది కాదు.

వానలున్నన్ని రోజులు కంచె బాగా పనిచేసింది. ఫిబ్రవరి దాటి నేల ఎండినాక పందులు తీగల సందులోంచే దూరి వచ్చినయి. టెస్టర్ పెడితే 6.2 చూపిస్తుంది, అంటే ఆరు వేల వోల్టులు దాటి. అంత ఉండి కూడా పందికి ఎందుకు తగలట్లేదో అర్థం కాలేదు. బిగించిన మనిషిని అడిగితే ఇంకా పెద్ద మెషిన్ కొనమన్నడు.

అదే రోజుల్లో మా చిన్నది బోరు దగ్గర కాళ్లు కడుక్కోబోయి, "బాపూ, నల్లా కరుస్తాంది" అంటూ ఉరికొచ్చింది. నేను పైపు మీద చెయ్యి పెట్టిన. సెకనుకొకసారి చిటుక్కుమని తగిలింది. మెషిన్ టిక్కుమన్నప్పుడల్లా పైపు కూడా కరుస్తుంది! చూస్తే, బిగించిన మనిషి మెషిన్ ఎర్తు కోసం మూడడుగుల ఇనుప చువ్వ ఒక్కటే, అదీ మోటారు ఎర్తు పక్కనే, దిగ్గొట్టి పోయిండు. ఎండిన నేలలోకి దిగలేని కరెంటు మోటారు ఎర్తు తీగ పట్టుకుని పైపులోకి వచ్చింది.

పందికి తగలకపోవడానికి కారణం కూడా అదే. తీగను ముట్టుకున్న జంతువు ఒంట్లోంచి కరెంటు నేలలోకి దిగి, నేల మీదుగా మెషిన్ ఎర్తుకు తిరిగి రావాలి. ఆ తిరుగు దారి బాగా లేకపోతే ఝట్కాలో సత్తువ ఉండదు. ఎవరూ ముట్టుకోనప్పుడు తీగ మీద అంకె మాత్రం బాగానే కనిపిస్తుంది.

ఎర్తు పరీక్ష ఇట్లా చేసిన. మెషిన్ ఆపి, దాని నుంచి వంద మీటర్లకు పైగా దూరం పోయి, నాలుగు ఇనుప గూటాలు నేలలో కొట్టి తీగకు ఆనించిన. మళ్లీ ఆన్ చేస్తే తీగ మీద వోల్టేజీ రెండు వేల కంటే తగ్గాలి, తగ్గకపోతే ఇంకో గూటం ఆనించాలి. ఆ తర్వాత టెస్టర్ ఒక కొస మెషిన్ ఎర్తు చువ్వకు, ఇంకో కొస మీటరు దూరంలో నేలలో గుచ్చిన చిన్న గూటానికి పెట్టాలి. అక్కడ 300 వోల్టులు దాటొద్దు. మాకు 1,100 వచ్చింది.

చేనుకు ఇంకో మూల, కాలువ తడి ఉండేచోట, ఆరడుగుల జి.ఐ. చువ్వలు మూడు దిగ్గొట్టిన. ఒక్కోదాని మధ్య పదడుగులు వదిలి మూడింటినీ ఒకే జి.ఐ. తీగతో క్లాంపులు పెట్టి బిగించిన. మోటారు ఎర్తుకు కనీసం పది మీటర్లు దూరం ఉండాలి, మాకు అంతకంటే చాలా ఎక్కువే ఉంది. ఇప్పుడు 200 చుట్టూ చూపిస్తుంది. నల్లా కరవడం అదే రోజు ఆగిపోయింది. ఎండాకాలం వారానికోసారి ఆ చువ్వల చుట్టూ రెండు బిందెల నీళ్లు పోస్తా. ఉప్పు పోయమన్నరు కొందరు, నేను పోయలేదు, చువ్వ తుప్పు పడుతుంది.

పిల్లలు, పశువుల సంగతి. ఈ మెషిన్ సెకనుకొకసారి, కన్ను మూసి తెరిచేలోపే కరెంటు వదిలేస్తుంది కాబట్టి ముట్టుకున్న చెయ్యి వెనక్కి వస్తుంది. ఇంటి కరెంటు అట్లా కాదు, కండరాలను పట్టేసి వదలదు. మా పక్క చేనాయన మోటారు లైన్ నుంచి నేరుగా తీగకు ఇస్తే ఖర్చు మిగులుతుందన్నడు. "ఆ పని చేస్తే నీ ఒడ్డు మీద అడుగు పెట్టను మామా" అన్న. అట్లా ఇచ్చిన తీగలకు మనుషులూ, పులులూ చచ్చిన ప్రాంతం మాది.

ఝట్కా కూడా ఆట కాదు. చిక్కుకుపోతే దెబ్బ మీద దెబ్బ తగులుతూనే ఉంటుంది. అందుకే ముళ్లతీగకు కరెంటు ఇవ్వొద్దు, ఒకే కంచెకు రెండు మెషిన్లు కలపొద్దు. పోయిన ఏడాది మేకపిల్ల కింది రెండు తీగల మధ్య కొమ్ము ఇరికించుకుంది. మా అత్తమ్మ ఉరికి మెషిన్ ఆపింది గనక బతికింది. ఆ స్విచ్చు అప్పట్లో నా ఎత్తుకు ఉండేది, ఆమె పీట వేసుకుని ఎక్కాల్సి వచ్చింది. ఇప్పుడు ఆమె భుజం ఎత్తుకు దించిన, దారి పొడుగునా పసుపు బోర్డులు కట్టిన.